‘స్టార్‌మ్యాన్’ వీడియో చూశాను. ఇందులో అప్పటి తల్లిదండ్రులు అదిరిపడేంత ఏముంది?

గుంటూరు_గిటార్

నిన్న రాత్రి నిద్ర పట్టక ఇంగ్లండు రాక్ గాయకుడు డేవిడ్ బౌయీ పాత వీడియోలు పెట్టుకుని కూర్చున్నాను. 1972 జులైలో బీబీసీ వాళ్ల ‘టాప్ ఆఫ్ ద పాప్స్’లో పాడిన ‘స్టార్‌మ్యాన్’ మూడుసార్లు చూశా. గ్లామ్ రాక్ గురించి ఎక్కడ చదివినా చివరికి ఈ పాట దగ్గరికే వస్తారు. అది చూసి పిల్లలకు మతి పోయిందట, పెద్దవాళ్లకు మండిందట. నాకు మాత్రం ఎర్రజుట్టు కుర్రాడొకడు రంగురంగుల సూటు వేసుకుని, నీలం గిటారు పట్టుకుని నవ్వుతూ పాడుతున్నట్టు కనిపించింది. మధ్యలో పక్కవాడి భుజం మీద చెయ్యేశాడు. అంతే.

బీటిల్స్ జుట్టు పెంచి అప్పటికే ఎనిమిది తొమ్మిదేళ్లు. హిప్పీలు పూసలూ పూల చొక్కాలూ అన్నీ వేసేశారు. అవన్నీ చూసిన తల్లిదండ్రులు దీనికెందుకు ఉలిక్కిపడ్డారు? తెలిసినవాళ్లు చెప్పండి.

కోనసీమ_కుర్రోడు

గ్లామర్ అంటే మన డెబ్భైల సినిమాల్లో క్లబ్ డాన్సులు లేవా అన్నా? ఆ పాట రాగానే మా తాత హాల్లోంచి లేచి బయటికెళ్లి చుట్ట కాల్చుకుని, పాట అయ్యాక వచ్చేవాడట. అంతకంటేనా ఇది?

గుంటూరు_గిటార్

తమ్ముడూ, గ్లామర్ కాదు, గ్లామ్. మగవాళ్లు మెరుపుల బట్టలు కట్టి, మేకప్ వేసుకుని రాక్ పాడిన కథ.

కోనసీమ_కుర్రోడు

ఓ, సారీ. అయితే ఇంకా బాగుంది. కుర్చీ లాక్కుని కూర్చుంటున్నా.

మెరుపుతీగ

చాలా సింపుల్ అండీ. కనుబొమలు గొరిగేసుకుని, మొహానికి అడ్డంగా ఎర్ర మెరుపు గీసుకుని ఒకడు హఠాత్తుగా టీవీలో ప్రత్యక్షమైతే ఎవరికైనా గుండె ఆగదా? పైగా ఒక మగ గాయకుడు టీవీలో మేకప్‌తో కనబడటం అదే మొదటిసారి. నా ఫోన్ కవర్ మీద కూడా ఆ మెరుపు బొమ్మే ఉంది.

వినైల్_వెంకట్రావు

మెరుపుతీగ గారూ, మీ ఫోన్ కవర్ తేదీ వేరు, ఈ వీడియో తేదీ వేరు. ఇంకోసారి చూడండి, ‘స్టార్‌మ్యాన్’లో బౌయీకి కనుబొమలున్నాయి. అవి పోయింది ఆ తర్వాతే. మెరుపు గీత 1973 జనవరిలో ‘అలాడిన్ సేన్’ ఆల్బమ్ అట్ట కోసం బ్రయన్ డఫీ అనే ఫొటోగ్రాఫర్ స్టూడియోలో వేసింది. వేసిన మేకప్ మనిషి పియెర్ లరోష్. స్టూడియోలో ఉన్న నేషనల్ పానసోనిక్ రైస్ కుక్కర్ మీది గుర్తు చూసి ఆ ఆలోచన వచ్చిందని డఫీ వైపు నుంచి వచ్చే కథ. మనందరి వంటింట్లో ఉన్న వస్తువే! ఆ రోజుల్లో బౌయీ ఆ మెరుపుతో స్టేజీ ఎక్కలేదు. అది ఫొటో కోసం ఒక్క పూట వేసిన బొమ్మ.

“మొదటిసారి” అన్నది కూడా కుదరదు. 1971 మార్చిలోనే టి. రెక్స్ బృందం గాయకుడు మార్క్ బోలన్ అదే ప్రోగ్రాంలో ‘హాట్ లవ్’ పాడుతూ కళ్ల కింద మెరుపుపొడి అద్దుకుని వచ్చాడు. చెలీటా సెకుండా అనే ఆవిడ అద్దింది. ఆ పాట ఆరు వారాలు నంబర్ వన్‌గా ఉంది. గ్లామ్ పుట్టిన తేదీ చెప్పమంటే నేను అదే చెబుతాను. ఇక బౌయీ కూడా ‘స్టార్‌మ్యాన్’ని అంతకు రెండు వారాల ముందే గ్రెనాడా టీవీలో పిల్లల కార్యక్రమంలో పాడాడు. ఆ టేపు చెరిగిపోయింది కాబట్టి చరిత్రలోంచి కూడా చెరిగిపోయింది.

కాబట్టి గిటార్ గారి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. ఏడాది ముందు నుంచే మగవాళ్లు మెరుస్తూ వస్తున్నప్పుడు, 1972 జులై 6 గురువారం సాయంత్రం కొత్తగా ఏం జరిగింది?

మెరుపుతీగ

అయ్యో. నాలుగేళ్లుగా అందరికీ తప్పు చెబుతున్నానన్నమాట. రైస్ కుక్కర్ సంగతి మాత్రం ఇక వదలను.

శాంతక్క_కుట్టుపని

నాకు పాటలు తెలియవు. నాటకాలకి, కూచిపూడికి దుస్తులు కుడతాను. మీ మాటలు చదివి వీడియో చూశాను. నా కంటికి తగిలింది చెబుతా.

ఆ అబ్బాయి వేసుకున్నది ఒంటికి అతికినట్టున్న జిప్పు జాకెట్టు, దానికి జత ప్యాంటు. లోపల దూది పెట్టి బొంతలా పొడుగూతా కుట్టారు. పైన ముదురు రంగుల ప్రింటు. అలాంటి గుడ్డ కుర్చీ దిండ్లకో నైట్ గౌనుకో వాడతారు గానీ మగవాళ్ల సూటుకి ఎవరూ తీసుకోరు. ఎవరు కుట్టారో గానీ చేతి వాటం ఉన్న మనిషి. దూది పెట్టిన గుడ్డ నడుం దగ్గర ఉబ్బుతుంది, సన్నగా కనబడాలంటే దూది కొంత లాగేసి కుట్టాలి. ఇక్కడ నడుం చక్కగా లోపలికి వెళ్లింది.

ఇంకో సంగతి. ఇది ఆడవాళ్ల బట్ట కాదు. చీర కాదు, గౌను కాదు. మగవాళ్ల కత్తిరింపే, గుడ్డ మాత్రం ఆడవాళ్లది. వేషం కట్టేవాళ్లం మేము రెండూ మార్చేస్తాం, అప్పుడు చూసేవాడికి తికమక ఉండదు. ఇక్కడ తికమక మిగిల్చారు.

వినైల్_వెంకట్రావు

శాంతక్కా, పాటలు తెలియవంటూనే అసలు చోట వేలు పెట్టారు. కుట్టింది ఫ్రెడ్డీ బరెటీ. బౌయీకి క్లబ్బులో పరిచయమైన కుర్రాడు, సొంతంగా డిజైన్ చేసి కుట్టేవాడు.

జుట్టు కథ ఇంకా సరదాగా ఉంటుంది. బౌయీ అప్పుడు లండన్ శివారులో బెకెనమ్‌లో ఉండేవాడు. ఆ ఊరి సెలూన్‌లో సూజీ ఫసీ అనే అమ్మాయి పనిచేసేది. బౌయీ వాళ్లమ్మకి జుట్టు సెట్ చేసేది ఆవిడే! అమ్మ జుట్టు చూసే అమ్మాయే కొడుక్కి ఆ ఎర్ర క్రాపు కొట్టి, పెరాక్సైడ్ పెట్టి రంగు వేసింది. పైన నిక్కబొడుచుకుని నిలబడటానికి ఆవిడ వాడింది గార్డ్ అనే చుండ్రు మందు. ముసలమ్మల జుట్టు సెట్టింగు చెదరకుండా వాడేది. అంగారక గ్రహం నుంచి దిగినట్టున్న ఆ మనిషి సరంజామా అంతా నిజానికి ఒక చిన్న ఊరి ఆడవాళ్ల సెలూన్‌లోంచి వచ్చింది.

నాన్నని_నేనూ

గుడ్డలూ జుట్టూ సరే. కానీ ఇంగ్లండు వాళ్లకి మగవాడు ఆడవేషం వేయడం కొత్తేం కాదు కదా. క్రిస్మస్‌కి వాళ్లు పిల్లల్ని తీసుకెళ్లే పాంటోమైమ్‌లో ముసలావిడ పాత్ర మగవాడే వేస్తాడు. రాకుమారుడి వేషం అమ్మాయి వేస్తుంది. మా అక్క వాళ్లు అక్కడే ఉంటారు, ఒకసారి నన్నూ తీసుకెళ్లారు. పిల్లలూ పెద్దలూ పడీ పడీ నవ్వారు. మరి దాన్ని చూసి నవ్వినవాళ్లు దీన్ని చూసి ఉలిక్కిపడ్డారంటే నమ్మమంటారా? ఇది పత్రికలవాళ్లు తర్వాత అల్లిన కథేమో అనిపిస్తుంది.

వినైల్_వెంకట్రావు

చాలా మంచి అభ్యంతరం. జవాబు కూడా అందులోనే ఉంది.

పాంటోమైమ్‌ అలా ఉంచండి, సరిగ్గా అదే కాలంలో డానీ లా రూ అనే ఆయన ఆడవేషంతో లండన్ పెద్ద థియేటర్లని నెలల తరబడి నింపేవాడు. రాజకుటుంబం ముందు కూడా ప్రదర్శన ఇచ్చాడు. వజ్రాల నగలు, పెద్ద గౌను, ఈకల తురాయి. ఎదుట కూర్చున్నది ఎక్కువగా మధ్యవయసు దంపతులే. ఆయన పద్ధతేమిటంటే, అంత సింగారంగా వచ్చి నిలబడి, బొంగురు మగగొంతుతో లండన్ కూలీ యాసలో ఒక పలకరింపు పడేస్తాడు. హాలంతా గొల్లుమంటుంది. ఆ పలకరింపే జనానికి అభయం. “కంగారుపడకండి, లోపలున్నది మగాడినే, ఇది ఆట” అని. పాంటోమైమ్ ముసలమ్మదీ అంతే. వంకర విగ్గు, లావు నడుం, ఎత్తు బూట్లు. ఆమెని చూసి ఎవరూ ఆడదనుకోరు, మనసు పారేసుకోరు.

బౌయీ ఆ అభయం ఇవ్వలేదు. కన్ను గీటలేదు, గొంతు మార్చలేదు. పైగా అందంగా ఉన్నాడు. తండ్రికి నవ్వడానికి చోటు లేదు.

రెండోది స్టేజీ దిగాక. అదే ఏడాది జనవరి 22న ‘మెలడీ మేకర్’ పత్రికలో, తాను గే అనీ, ఎప్పుడూ అంతేననీ చెప్పుకున్నాడు. ఇంట్లో భార్య ఉంది, ఏడాది నిండని కొడుకున్నాడు. ఇంగ్లండులో మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాకుండా పోయింది 1967లో. అదీ 21 ఏళ్లు దాటినవాళ్లకి, నాలుగు గోడల మధ్య మాత్రమే. స్కాట్లండులో 1972 నాటికి ఇంకా నేరమే. అంటే ఆ తండ్రికి తెలిసిన లెక్క ప్రకారం అది అయిదేళ్ల క్రితం దాకా జైలుకి పంపే విషయం. చట్టం మారిందని మనసు అంత తొందరగా మారదు కదా. వేషం థియేటర్లో ఉన్నంతసేపు వినోదం. పేపర్లో మామూలు మాటగా వచ్చేసరికి వాళ్ల గుండెలో రాయి పడింది.

గుంటూరు_గిటార్

ఇది నా బుర్రకి తట్టలేదు. నేను బట్టలనే చూస్తున్నా.

లాంకషైర్_డాక్టర్‌గారబ్బాయి

చాలా కాలంగా ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఈ రోజు రాయక తప్పలేదు. ఆ గురువారం సాయంత్రం నేను టీవీ ముందే ఉన్నాను, పన్నెండేళ్లవాణ్ణి.

మా నాన్నగారు గుంటూరులో చదివి అరవైల్లో అక్కడికి వెళ్లిన డాక్టరు. లాంకషైర్‌లో ఒక మిల్లుల ఊరు. అద్దెకు తెచ్చుకున్న టీవీ, బ్లాక్ అండ్ వైట్. ఇల్లంతటికీ అదొక్కటే, ఛానెళ్లు మూడు. పక్కింటి కుర్రాడు నా స్నేహితుడు. వాళ్ల టీవీ పాడైందని ఆ రోజు వాడూ, వాళ్ల నాన్నా మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన పట్టాల మీద పనిచేసే మనిషి.

పాట మొదలైంది. మా నాన్న పేపర్ మీంచి తల ఎత్తి, “ఏం వేషంరా ఇది, భాగవతం కట్టాడా?” అని మళ్లీ పేపర్లో పడ్డారు. వేషం ఆయనకి సమస్యే కాదు, వీధి భాగవతాలు చూసి పెరిగిన మనిషి. తర్వాత బౌయీ గిటారిస్టు మెడ చుట్టూ చెయ్యేసి దగ్గరికి లాక్కుని, ఇద్దరూ ఒకే మైకులో పాడారు. అక్కడ పక్కింటాయన టీ కప్పు ఠప్పున సాసర్లో పెట్టి లేచాడు. కొడుకు రెక్క పట్టుకున్నాడు. ఇంటికి పద అన్నాడు. మా నాన్నకి ఏం జరిగిందో అర్థం కాలేదు. “ఏమైంది ఆయనకి?” అని నన్నడిగారు. నాకూ తెలియదు.

ఎన్నో ఏళ్లకి గాని తెలియలేదు. మా నాన్న ఊళ్లో ఇద్దరు మగవాళ్లు భుజాల మీద చేతులేసుకుని బజారంతా తిరుగుతారు, చిటికెన వేళ్లు పట్టుకుని నడుస్తారు. దాన్ని స్నేహమంటారు. లాంకషైర్ మగవాడు ఫుట్‌బాల్ గోల్ పడ్డప్పుడు తప్ప ఇంకో మగవాణ్ణి అలా ముట్టుకోడు. ఒకే గదిలో ఒకే టీవీ. ఇద్దరు తండ్రులు రెండు వేరు వేరు పాటలు చూశారు.

గుంటూరు_గిటార్

సార్, ఒక్క నిమిషం. బ్లాక్ అండ్ వైటా? అంటే ఆ ఎర్రజుట్టు, ఆ రంగులు ఏవీ కనబడలేదా?

లాంకషైర్_డాక్టర్‌గారబ్బాయి

ఏవీ లేవు. బూడిద రంగు జుట్టు, బూడిద రంగు గిటారు. జుట్టు ఎరుపని తర్వాత పత్రికలో ఫొటో చూసి తెలుసుకున్నాను. నా జ్ఞాపకంలో మిగిలింది చెయ్యి, నవ్వు, ఇంకా కెమెరాలోకి తిన్నగా చూపించిన వేలు. పాటలో “నిన్నే ఎంచుకున్నాను” అనే అర్థం వచ్చే చోట వేలు తిప్పుతూ మన మీదికి చూపిస్తాడు. అది నాకే అనుకున్నాను. ఇంగ్లండంతా నాలాగే అనుకున్నారని ముప్పై ఏళ్ల తర్వాత తెలిసి కొంచెం బాధేసింది.

వినైల్_వెంకట్రావు

డాక్టరుగారబ్బాయి గారూ, నమస్కారం. ఇది చెప్పడానికి మీరే రావాలి.

ఇందాక నేను జుట్టు గురించి అంత రాశాను గానీ, ఆ రోజు చూసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని రంగుల్లో చూసి ఉండరు. బ్రిటన్‌లో రంగుల టీవీ లైసెన్సులు బ్లాక్ అండ్ వైట్‌ని దాటింది 1976లో. కాబట్టి ఉలికిపాటు రంగుకి కాదు. రంగు మనం ఇవాళ వీడియోలో చూసి వేసుకుంటున్న లెక్క. వాళ్లు చూసింది చేతుల్నీ చూపునీ. శాంతక్క చెప్పిన ఆడవాళ్ల గుడ్డ కూడా బూడిద రంగులో సగం మాయమైపోయి ఉంటుంది.

ఆ మెడ చుట్టూ చేయి వేయించుకున్నాయన మిక్ రాన్సన్. హల్ అనే రేవు ఊరివాడు. బౌయీ దగ్గరికి రాకముందు అక్కడి కౌన్సిల్ పార్కుల్లో తోటమాలి. బృందంలో మిగతా ఇద్దరు, ట్రెవర్ బోల్డర్, వుడీ వుడ్‌మన్సీ, అదే ప్రాంతం వాళ్లు. ఈ మెరుపు బట్టలు వేసుకోమంటే మొదట మొండికేశారు. ఆ బట్టల్లో ప్రదర్శన ఇచ్చాక అమ్మాయిలు వెంటబడటం చూసి మెత్తబడ్డామని వుడ్‌మన్సీ తర్వాత చెప్పుకున్నాడు. వాళ్ల తండ్రులూ ఆ పక్కింటాయన లాంటివాళ్లే అయ్యుండాలి.

నాన్నని_నేనూ

పక్కింటాయన మీద నాకు జాలిగా ఉంది. ఆయన వయసు లెక్క వేసుకోండి. యుద్ధంలోనో, తర్వాత కంపల్సరీ సైనిక సేవలోనో పనిచేసి ఉంటాడు. 1960 దాకా ఆ దేశంలో దాదాపు ప్రతి కుర్రాడినీ రెండేళ్లు సైన్యంలోకి పిలిచి తల గొరిగించారు. మగతనమంటే ఇస్త్రీ చొక్కా, పొట్టి క్రాపు అని ప్రభుత్వమే నేర్పింది. ఆ నేర్పిన పాఠం పనికిరాదని కొడుకు వయసువాడొకడు వాళ్ల హాల్లోనే కూర్చుని చెబితే కోపం రాదా?

ఇంకోటి అడుగుతా, కోప్పడకండి. తల్లిదండ్రుల భయం అంతా మూర్ఖత్వమేనా? గ్లామ్‌లోనే గ్యారీ గ్లిట్టర్ అని ఒకడుండేవాడు కదా.

వినైల్_వెంకట్రావు

ఉండేవాడు. 1975 నుంచి 1980 మధ్య ముగ్గురు ఆడపిల్లల మీద చేసిన అఘాయిత్యాలకి 2015లో పదహారేళ్ల శిక్ష పడింది. ఆయన పాటలు నేను వినను, నా రికార్డుల్లోంచి తీసేశాను.

కానీ మీ వాదనకి ఆయన పనికిరాడు. ఆయనది వెండి సూటులో ఛాతీ విరుచుకుని గుడ్లురిమే వేషం. పాంటోమైమ్ విలన్‌లా ఉండేవాడు, అందుకే ఇంటిల్లిపాదీ నవ్వుతూ చూశారు. పెద్దల అనుమానమంతా మగవాడి భుజం మీద చెయ్యేసిన మగవాడి వైపే ఉంది.

నాన్నని_నేనూ

మీ మాటలో నిజముంది. కానీ ‘భయపడే హక్కు’ లేదంటే ఒప్పుకోను. భయం తప్పు చోట చూసిందంటారు, సరే. అసలు భయమే వద్దంటే ఎలా?

వినైల్_వెంకట్రావు

వద్దనలేదు. ఎవరెవరు ఎక్కడెక్కడ భయపడ్డారో చూస్తే తమాషాగా ఉంటుంది. లియో ఆబ్సీ అని లేబర్ ఎంపీ. 1967 చట్టాన్ని పార్లమెంటులో పట్టుబట్టి నడిపించినవాడు. మగవాళ్ల మధ్య ప్రేమ నేరం కాదని దేశం చేత ఒప్పించిన ఆ మనిషే 1973లో ఆలిస్ కూపర్‌ని దేశంలోకి రానివ్వొద్దని హోంమంత్రిని కోరాడు. ఆలిస్ కూపర్ అంటే ఆడపేరు పెట్టుకున్న అమెరికా మగవాడు, కళ్ల చుట్టూ నల్ల మసి, స్టేజీ మీద బొమ్మ పాపల్ని నరికే ఆట. మేరీ వైట్‌హౌస్ అనే ఆవిడ కూడా ‘స్కూల్స్ ఔట్’ పాటని బీబీసీలో ఆపించాలని పోరాడింది. ఆ పాట 1972 వేసవిలో నంబర్ వన్‌కి వెళ్లింది. కూపర్ ఆవిడకి పూలు, ఆబ్సీకి చుట్టలు పంపాడని చెబుతారు. ఇంత మంచి ప్రచారం డబ్బిచ్చినా దొరకదు మరి.

కాబట్టి “తల్లిదండ్రులు” అని ఒక మూట కట్టలేం. ఆబ్సీకి లింగం సమస్య కాదు, హింస సమస్య. పక్కింటాయనకి చెయ్యి సమస్య.

కోనసీమ_కుర్రోడు

మరి మనవాళ్లు? స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే ఆడవాళ్లే ఆ చీరకట్టు చూసి నేర్చుకున్నారని మా తాత అనేవాడు. మనమే ముందున్నాం అన్నమాట!

శాంతక్క_కుట్టుపని

ముందూ వెనకా కాదు నాన్నా, దారి వేరు. స్థానం వారు సత్యభామ. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ వేసుకుని తెర వెనక నుంచి పాదం బయట పెట్టగానే సత్యభామే. పాత్ర ఉంది, కథ ఉంది, మేకప్ కడిగేశాక ఆయన పంచె కట్టుకుని ఇంటికెళ్లేవారు. చూసేవాళ్లకి ఆ గీత స్పష్టంగా తెలుసు. వీడియోలో అబ్బాయి ఏ పాత్రా కాదు. అదే నాకు అంతుపట్టనిది.

వినైల్_వెంకట్రావు

పాత్ర ఉందక్కా, దాని పేరు జిగ్గీ స్టార్‌డస్ట్. వేరే గ్రహం కబురు తెచ్చే రాక్ గాయకుడు. కానీ మీరన్న గీత లేదు. ఇంటర్వ్యూలకీ అదే జుట్టుతో వెళ్లేవాడు. 1973 జులై 3న లండన్ హ్యామర్‌స్మిత్ ఓడియన్‌లో స్టేజీ మీదే ఇదే ఆఖరి ప్రదర్శన అని ప్రకటించి ఆ పాత్రని ముగించాడు. అప్పుడు కూడా ఆగిపోతున్నది జిగ్గీయా, బౌయీయా అని జనం అయోమయపడ్డారు.

మీకు నచ్చే సంగతొకటి. 1973లో జపాన్ వెళ్లినప్పుడు అక్కడి కబుకీ నాటకాల్లో స్త్రీ పాత్రలు వేసే బండో తమసబురో దగ్గర మేకప్ మెళకువలు తెలుసుకున్నాడు. బట్టలు కాన్సాయ్ యమమోటో చేశాడు. అంటే మన కూచిపూడికి దగ్గరి బంధువు లాంటి సంప్రదాయం నుంచి రంగు తీసుకున్నాడు, గీత మాత్రం తీసుకోలేదు.

శాంతక్క_కుట్టుపని

అలా చెప్పండి. ఆ మెరుపుపొడి మాత్రం ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. మా దగ్గర ఒక పిల్ల చేతిపనుల గ్లిట్టర్‌ని కంటి కింద జిగురుతో అద్దుకుంది. అది సన్నటి ప్లాస్టిక్ రేకు, అంచులు కోస్తాయి. మూడు రోజులు కన్ను తెరవలేదు. మొహానికి వేరే రకం అమ్ముతారు. అద్దేముందు వాజలైన్ పల్చగా రాయాలి, తీసేటప్పుడు రుద్దకుండా టేపుతో లాగాలి.

మెరుపుతీగ

అక్కా, వచ్చే నెల మా కాలేజీ ఫెస్ట్‌కి ఆ మెరుపు వేసుకుందామనుకుంటున్నా. నోట్ చేసుకున్నా. 😅

ఇంకో డౌటు. బౌయీ నిజంగా గేనా? తర్వాత పెళ్లి, పిల్లలు... ఇదంతా అమ్ముకోవడానికేనా?

వినైల్_వెంకట్రావు

ఇక్కడ నా దగ్గర తీర్పు లేదు. 1972లో గే అన్నాడు, తర్వాత బైసెక్సువల్ అన్నాడు, 1983లో అలా చెప్పడమే నేను చేసిన పెద్ద తప్పన్నాడు. ఒక్కో కాలంలో ఒక్కో మాట. వాడుకున్నాడని కోపగించినవాళ్లున్నారు, ఆ ఒక్క మాటతో బతికామన్నవాళ్లూ ఉన్నారు.

పేరు_అవసరంలేదు

ఆ రెండో రకం నేను. నేను చూసింది తొంభైల్లో, విజయవాడలో, ఎవరో ఇచ్చిన వీడియో క్యాసెట్లో. ఆయన నిజంగా ఏమిటన్నది నాకు అప్పుడూ అవసరం లేదు, ఇప్పుడూ లేదు. పక్కవాడి మెడ మీద చెయ్యేసి అంత ధీమాగా ఒకడు నవ్వొచ్చని తెలిసింది. అమ్మ వంటింట్లోంచి వస్తుంటే టీవీ ఆపేశాను. ఆపాల్సినంత ఏముందో ఆవిడకి తెలిసేది కాదు, నాకు తెలుసు.

గుంటూరు_గిటార్

థాంక్సండీ, ఇది రాసినందుకు.

మూడుసార్లు చూసి ఏమీ లేదన్నవాణ్ణి, ఇప్పుడు నాలుగోసారి రంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్‌లో చూశాను. టీవీ సెట్టింగుల్లో కలర్ సున్నాకి పెట్టాను, అంతే. వేరే పాటలా ఉంది. చెయ్యి ఎత్తేదాకా ఏమీ లేదు, ఎత్తాక కళ్లు అక్కడి నుంచి కదలవు.

డాక్టరుగారబ్బాయి గారూ, ఆ పక్కింటి స్నేహితుడు ఏమయ్యాడు?

లాంకషైర్_డాక్టర్‌గారబ్బాయి

చెప్పాలంటే నా తప్పు బయటపెట్టాలి. మరుసటి ఏడాది వాడికి జిగ్గీ జుట్టు కావాలన్నాడు. సెలూన్‌కి డబ్బుల్లేవు. మా అమ్మ దగ్గర ఇండియా నుంచి వచ్చిన గోరింటాకు పొడి ఉంది. వాడిది లేత గోధుమ రంగు జుట్టు. టీ డికాక్షన్‌లో కలిపి, తలకి పట్టించి, బ్రెడ్డు ప్యాకెట్టు కవరు చుట్టి మూడు గంటలు మా పెరట్లో కూర్చోబెట్టాను. కడిగాక చూస్తే క్యారెట్టు.

స్కూలువాళ్లు గుమ్మంలోంచే వెనక్కి పంపారు, రంగు పోయేదాకా రావద్దని. గోరింటాకు పోదు కదా! వాళ్ల నాన్న మా తలుపు కొట్టాడు. నేను మేడ మీద నక్కాను. కింద మా అమ్మ, తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో, అది మందు కాదు ఆకు అనీ, మా ఊళ్లో పెళ్లికి పెట్టుకుంటారనీ, తలకి చలవనీ చెబుతోంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “పెళ్లికా?” అన్నాడు. “మగవాళ్లు కూడానా?” అన్నాడు. అవునంది అమ్మ.

మర్నాడు పొద్దున ఆయనే కొడుకుని వెనక తోటలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆర్మీ రోజుల నాటి క్లిప్పరుతో మొత్తం తీసేశాడు. మా కిటికీలోంచి కనబడింది. కింద గడ్డి మీద నారింజ రంగు కుచ్చులు వారం రోజులు అలాగే ఉన్నాయి, పిచ్చుకలు గూళ్లకి ఏరుకుపోయేవి.